మొదటి డిజైన్ ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో: ఏ ప్రాజెక్టులు ఉంచాలి, కేస్ స్టడీ ఎలా పేర్చాలి

బెంగళూరులో ప్రొడక్ట్ డిజైనర్ ఉద్యోగాలకు ఫ్రెషర్లు పంపే పోర్ట్‌ఫోలియోలు నేను తరచూ చూస్తుంటాను. మారతహళ్లి, బీటీఎం, హెచ్‌ఎస్‌ఆర్ పీజీల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న మన తెలుగు పిల్లలు కూడా లింకు పంపి "అక్కా, ఒకసారి చూసి చెప్పు" అంటారు. వాటిలో చాలావరకు స్క్రీన్లు బాగానే ఉంటాయి. లోటు ఇంకోచోట ఉంటుంది. ఈ మనిషి ఒక సమస్యను దగ్గర నుంచి చూసి, ఒక పరిష్కారం అనుకుని, అది ఎందుకు పనిచేయలేదో తెలుసుకుని మార్చుకున్న జాడ ఎక్కడా కనబడదు. అనుభవం లేని మనిషిని తీసుకునేటప్పుడు మేము ముఖ్యంగా వెతికేది ఆ జాడనే. ఎందుకంటే బటన్లు, రంగులు, కాంపోనెంట్లు ఉద్యోగంలో చేరాక నేర్పుకోవచ్చు. తన డిజైన్ తప్పిన చోటు తనే పట్టుకోవడం నేర్పడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

అందుకే ప్రాజెక్టులు ఎంచుకోవడం దగ్గర నుంచి కేస్ స్టడీ రాయడం దాకా మొత్తం పనిని ఆ జాడ చుట్టూ పేర్చుకోండి.

మొదటి మెట్టు: ఉన్నవాటిని వడకట్టండి

ఇప్పటిదాకా చేసినవన్నీ ఒక కాగితం మీద రాయండి. కోర్సులో చేసినవి, కాలేజీలో చేసినవి, ఇంటర్న్‌షిప్ పని, తెలిసినవాళ్ల షాపుకో స్కూలుకో చేసిచ్చినవి, అన్నీ. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. దీన్ని వాడే మనిషిని నేను కళ్లారా చూశానా? నా మొదటి డిజైన్‌కీ చివరి డిజైన్‌కీ మధ్య పెద్ద మార్పు ఏదైనా వచ్చిందా, వస్తే ఏం చూసి మార్చాను? నా చేతిలో లేని అడ్డంకి, అంటే డబ్బో టైమో పాత సాఫ్ట్‌వేరో ఓనర్ మాటో, నా నిర్ణయాన్ని ఎక్కడైనా వంచిందా? రెండు ప్రశ్నలకైనా నికరమైన జవాబు లేని ప్రాజెక్టును, స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టండి.

మిగిలినవాటిలో మూడు చాలు. గట్టివి రెండే ఉంటే రెండే పెట్టండి. లెక్క నిండాలని బలహీనమైనది చేర్చారనుకోండి, చూసేవాళ్లు దాన్నే ముందు తెరిచే ప్రమాదం ఉంది.

కోర్సులో చేసిన ప్రాజెక్టుతో వచ్చే చిక్కు ఏమిటంటే, మీ బ్యాచ్‌లో అందరి దగ్గరా అదే ఉంటుంది. ఒకే ఫుడ్ డెలివరీ యాప్, అవే రెండు పర్సోనాలు, అదే డబుల్ డైమండ్ బొమ్మ. దాన్ని ఉంచాలనిపిస్తే కోర్సు ముగిశాక మీరు సొంతంగా చేసిన భాగం ఏదో ఒకటి ఉండాలి. ఇద్దరు ముగ్గురితో వాడించి చూసి ఒక ఫ్లోను తిరగరాసినా సరే, ఆ భాగాన్నే ముందుకు తెచ్చి, మిగతాది నాలుగు వాక్యాల్లో చెప్పేయండి.

పేరున్న యాప్‌ను మొత్తంగా రీడిజైన్ చేసినవి నేను ఉంచమని చెప్పను. ఆ స్క్రీన్ అలా ఎందుకుందో మీకు తెలియదు. లోపల వాళ్ల దగ్గర ఏ లెక్కలున్నాయో, చట్టం ఏం అడిగిందో, ఏ పాత సిస్టమ్ అడ్డుపడిందో బయటివాళ్లకు కనబడదు. అవి తెలియకుండా "హోమ్ పేజీ గజిబిజిగా ఉంది, నేను శుభ్రం చేశాను" అని రాస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే నిలబడదు. ఒకే ఒక్క చిన్న ఫ్లో తీసుకుని, దాన్ని వాడుతూ ఇబ్బంది పడుతున్న మనుషులను చూసి, అంతవరకే మార్చి ఉంటే అది వేరే సంగతి.

ఇంటర్న్‌షిప్ పని ఉంటే అది మీ బలం, కానీ అనుమతి లేకుండా పెట్టకండి. మేనేజర్‌కు మెయిల్ రాసి, ఏ స్క్రీన్లు చూపించవచ్చో, ఏ అంకెలు తీసేయాలో రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే కంపెనీ పేరు, స్క్రీన్లు లేకుండా, ఎలాంటి సమస్య మీద పనిచేశారో మాత్రం రాయడం కుదురుతుందేమో అదే మెయిల్లో అడగండి. ఇతర కంపెనీ రహస్యాలు బయటపెట్టే ఫ్రెషర్‌ను చూస్తే, రేపు మావీ ఇలాగే పెడతారనే భయం వేస్తుంది. టీమ్‌తో చేసిన పని అయితే మొదట్లోనే మీ వాటా చెప్పండి. "నలుగురం చేశాం. ఇంటర్వ్యూలు ఇద్దరం కలిసి చేశాం, ఆర్డర్ స్క్రీన్లు నావి" అని రాస్తే మీ విలువ తగ్గదు.

ఇంకో మాట. బెంగళూరు, చెన్నైల్లో డిజైనర్లను తీసుకునే చాలా కంపెనీలు వ్యాపారాలు వాడుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాయి. చెన్నైలో జోహో, బెంగళూరులో రేజర్‌పే లాంటివి ఇందుకు ఉదాహరణ. అక్కడి రోజువారీ పని టేబుల్స్, ఫారాలు, ఎవరికి ఏ అధికారం అనే లెక్కలు. కానీ ఫ్రెషర్ల పోర్ట్‌ఫోలియోల్లో ఎక్కువగా కనిపించేవి తిండి, సంగీతం, ప్రయాణం యాప్‌లే. మీ మూడింటిలో ఒకటైనా ఇద్దరు వేర్వేరు మనుషులు రెండు వైపుల నుంచి వాడేది అయితే, లేదా ఒకరు రోజంతా పనిలో భాగంగా వాడేది అయితే, మీరు వెంటనే వేరుగా కనబడతారు.

రెండో మెట్టు: సరైన ప్రాజెక్టు లేకపోతే దగ్గర్లో వెతకండి

వడకట్టాక ఏమీ మిగలకపోతే కంగారు పడకండి, కొత్తది ఒకటి చేయండి. మీరు రోజూ వెళ్లి చూడగలిగే సమస్యను ఎంచుకోవడమే ఇక్కడ ముఖ్యం. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే వెళ్దాం.

మీరు మారతహళ్లిలో 60 మంది ఉండే ఒక తెలుగువాళ్ల పీజీలో ఉంటున్నారనుకుందాం. రాత్రి భోజనం ఒకరోజు మిగిలిపోతుంది, ఇంకోరోజు తొమ్మిదింటికే కూర అయిపోతుంది. ఓనర్ రోజూ నాలుగింటికి వాట్సాప్ గ్రూపులో "రాత్రి తినేవాళ్లు చెప్పండి" అని పెడతాడు, పది మంది కూడా జవాబివ్వరు.

మొదట తట్టే ఆలోచన పీజీ యాప్. లాగిన్, మెనూ, రేటింగ్, అద్దె చెల్లింపు, ఫిర్యాదులు, అన్నీ కలిపి 40 స్క్రీన్లు. ఫిగ్మా తెరవకముందు వంటగదికి వెళ్లండి. వంట మాస్టర్‌ను ఒక సాయంత్రం గమనించి, ఎప్పుడు ఏ నిర్ణయం తీసుకుంటాడో అడగండి. "ఐదున్నరకు బియ్యం కడిగేస్తానమ్మా, ఆ తర్వాత ఎవరు చెప్పినా లాభం లేదు" అంటాడు. ఈ ఒక్క వాక్యంతో మీ ప్రాజెక్టు ఆకారం మారిపోతుంది. సమస్య మెనూ కాదు, రేటింగూ కాదు. ఐదున్నరకు ఒక నమ్మదగిన అంకె ఆయన చేతికి అందాలి, అంతే. అద్దె, ఫిర్యాదులు అన్నీ పక్కకు పోతాయి.

ఆ తర్వాత మీ అంతస్తులో ఉండే 18 మందితో చిన్న ప్రయత్నం చేస్తారు. ఫిగ్మాలో గీసిన స్క్రీన్‌ను అందరూ నిజంగా వాడలేరు కాబట్టి, ఒక గూగుల్ ఫారమ్ లింకు పంపినా సరిపోతుంది. మొదటి పద్ధతి: తినేవాళ్లు "తింటాను" అని నొక్కాలి. మొదటిరోజు 11 మంది నొక్కారు, రెండోరోజు 8, మూడోరోజు 6. కానీ ప్లేట్లు లెక్కపెడితే రోజూ 13, 14 మంది తిన్నారు. అంటే ఈ అంకెను నమ్మి వండితే అన్నం చాలదు.

రెండో పద్ధతి దీనికి తలకిందులు: అందరూ తింటారనే లెక్క, తినని వాళ్లు మాత్రమే ఐదుంబావులోపు చెప్పాలి. సోమవారం నుంచి గురువారం దాకా లెక్కకూ ప్లేట్లకూ తేడా ఒకటి రెండుకు మించలేదు. శుక్రవారం ఆరు, శనివారం ఐదు ప్లేట్లు మిగిలాయి. అడిగితే, కొందరు శుక్రవారం రాత్రి బస్సుకు ఊరెళ్లారు, ఇంకొందరు ఆఫీసు నుంచి అటే బయట తినేశారు.

ఇప్పుడు మీ చేతిలో చెప్పదగిన విషయం ఉంది. రెండు పద్ధతులూ తప్పుతాయి, కానీ తప్పే దిక్కు వేరు. మొదటిది తప్పితే ఎవరో ఒకరు ఆకలితో పడుకుంటారు. రెండోది తప్పితే అన్నం మిగులుతుంది. ఓనర్‌ను అడిగితే, "మిగిలినా పర్లేదు, ఎవరికీ చాలలేదనే మాట మాత్రం రాకూడదు" అన్నాడు. అందుకే రెండోదాన్ని ఎంచుకున్నారు. డిజైన్ నిర్ణయం అంటే ఇదే. ఇది కేస్ స్టడీకి నడుమ ఉండాలి.

మూడో మెట్టు: కేస్ స్టడీని నిర్ణయం చుట్టూ పేర్చండి

ఎక్కువమంది రాసే క్రమం ఇలా ఉంటుంది: పరిచయం, రీసెర్చ్, పర్సోనా, ఎంపతీ మ్యాప్, వైర్‌ఫ్రేమ్స్, యూఐ, నేర్చుకున్నవి. ఇది మీరు ఏ రోజు ఏం చేశారో చెప్పే డైరీ. చదివేవాళ్లకు కావలసింది చివర్లో ఎక్కడో దాక్కుని ఉంటుంది, అంతదాకా ఎవరూ రారు. రిక్రూటర్ గానీ డిజైన్ లీడ్ గానీ మొదటిసారి స్క్రోల్ చేసేటప్పుడు హెడ్డింగులు, బొమ్మలు, బొమ్మల కింది వాక్యాలే చదువుతారు. కాబట్టి ఆ మూడూ చదివినా కథ అర్థమయ్యేలా ఉండాలి.

మొదట శీర్షిక, దాని కింద మూడు నాలుగు వాక్యాలు. "పీజీ మీల్ యాప్: యూఎక్స్ కేస్ స్టడీ" అంటే ఏమీ తెలియదు. ఇలా రాయండి:

"ఐదున్నరలోపు వంట మాస్టర్‌కు ఒక నమ్మదగిన అంకె. మారతహళ్లిలో 60 మంది ఉండే పీజీలో రాత్రి భోజనం లెక్క తప్పుతోంది. తినేవాళ్లు చెప్పే పద్ధతిని, తినని వాళ్లు చెప్పే పద్ధతిగా మార్చాను. 18 మందితో ఆరు రోజులు చూస్తే, సోమ నుంచి గురు దాకా తేడా రెండు ప్లేట్లకు మించలేదు. వారాంతం ఇంకా సరికాలేదు. ఒక్కదాన్నే చేశాను, మూడు వారాలు పట్టింది."

ఫలితాన్ని ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుందని కొందరు భయపడతారు. అలా ఏమీ జరగదు. ఎలా తెలిసిందో చూడాలనే కిందికి వస్తారు.

తర్వాత సమస్య. ఇక్కడ వంట మాస్టర్ మాటను ఉన్నదున్నట్టు పెట్టండి. వంటగది సాయంత్రం ఎలా నడుస్తుందో ఒక గీత మీద చూపించండి: నాలుగింటికి కూరగాయలు, ఐదున్నరకు బియ్యం, ఎనిమిదింటికి వడ్డన. అదే గీత మీద పీజీలో ఉండేవాళ్లు ఎప్పుడు నిర్ణయించుకుంటారో పెడితే రెండింటి మధ్య ఖాళీ కంటికి కనబడుతుంది. పర్సోనా పేజీ చేసే పని అంతా ఈ ఒక్క బొమ్మ చేస్తుంది. కల్పించిన పేరు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో, "కాఫీ అంటే ఇష్టం" అనే పర్సోనా మీ డిజైన్‌లో ఏ నిర్ణయాన్నీ మార్చలేదు కదా, తీసేయండి.

ఆ తర్వాత మొదటి పద్ధతి, అది తప్పిన తీరు. చాలామంది దీన్ని దాచేస్తారు, కానీ ఎక్కువ చోటు ఇవ్వాల్సింది దీనికే. మూడు రోజుల అంకెలను చిన్న పట్టికగా పెట్టండి, పక్కనే తిన్నవాళ్ల లెక్క. దాని కింద రెండో పద్ధతి, దాని అంకెలు, ఆ పక్కన ఓనర్ చెప్పిన మాట. ఏ తప్పును భరించవచ్చో ఎవరు, ఎందుకు తేల్చారో స్పష్టంగా రాయండి. రెండో పద్ధతిలో మీకు తెలిసిన బలహీనతనూ అక్కడే చెప్పండి: చెప్పడం మరిచిపోయినవాళ్లంతా తిన్నట్టే లెక్కలోకి వస్తారు.

చివరి స్క్రీన్లు దీని తర్వాత రావాలి, నాలుగైదు చాలు. పీజీలో ఉండేవాళ్లకు ఒకే బటన్ ఉన్న స్క్రీన్. శుక్రవారం అంకెను చూసి చేర్చిన "ఊరెళ్తున్నాను" అనే చోటు, వెళ్లే రోజు, వచ్చే రోజు ఎంచుకోవడానికి. ఐదుంబావు దాటాక నొక్కితే కనబడే మాట: "ఈరోజు లెక్క అయిపోయింది, మీ ప్లేటు వండుతున్నారు." ఇక వంట మాస్టర్ వైపు. ఆయన చేతులు తడిగా ఉంటాయి, యాప్ తెరవడు. అందుకే ఆయనకు యాప్ లేదు, ఐదున్నరకు ఫోన్‌కు వచ్చే ఒక మెసేజ్, అందులో మొదట అంకె. ప్రతి స్క్రీన్ కింద ఒక వాక్యం ఉండాలి, అది స్క్రీన్‌ను వర్ణించకుండా కారణం చెప్పాలి. "హోమ్ స్క్రీన్" అని రాస్తే ఉపయోగం లేదు. "తినేవాళ్లు ఏమీ చేయనక్కర్లేదు, అందుకే బటన్ ఒక్కటే" అని రాయండి.

స్క్రీన్లలో తెలుగు ఉంటే ఒక చిన్న విషయం మిమ్మల్ని వేరుగా నిలబెడుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ హైట్‌లో తెలుగు పెడితే పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతాయి, లేదా పై వరుసకు తగులుతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌తో "ఊరెళ్తున్నాను" అని టైప్ చేసి, ఒత్తులు పూర్తిగా కనబడేదాకా లైన్ హైట్ పెంచండి. మాట పొడవై బటన్ దాటుతుందేమో చూడండి. ఇలా ముందూ తర్వాతా పక్కపక్కన ఒక బొమ్మ పెడితే, నిజమైన అక్షరాలతో డిజైన్ చేశారని తెలిసిపోతుంది. రంగుల్లోనూ అంతే. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ చెబుతుంది. లేత బూడిద రంగు అక్షరాలు ఇక్కడే ఎక్కువగా దొరికిపోతాయి.

చివర్లో మిగిలిపోయినది రాయండి. "ఊరెళ్తున్నాను" చేర్చాను కానీ దాన్ని ఇంకా ఎవరితోనూ వాడించి చూడలేదు. ఒక అంతస్తులోనే చూశాను, నైట్ షిఫ్ట్ వాళ్లు ఇందులో లేరు. "ఈ ప్రాజెక్టుతో ఎంతో నేర్చుకున్నాను" అనే పేరా కన్నా ఈ రెండు వాక్యాలు ఎక్కువ పనిచేస్తాయి.

నాలుగో మెట్టు: అంకెలు చెప్పేటప్పుడు జాగ్రత్త

ఎవరూ వాడని డిజైన్‌కు "ఎంగేజ్‌మెంట్ 40 శాతం పెరిగింది" అని రాసినవి నాకు కనబడుతుంటాయి. ఎలా కొలిచారని అడిగితే మౌనం. అప్పటిదాకా ఉన్న నమ్మకం అక్కడితో పోతుంది. ఎంతమందితో, ఎన్ని రోజులు, ఏం లెక్కపెట్టారో అంతే చెప్పండి. 18 మందిని శాతాల్లోకి మార్చకండి.

ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలు అనే మాట మీరు వినే ఉంటారు. అది యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో బాగా ప్రచారమైంది. ఆయన చెప్పింది వాడకంలో ఇబ్బందులు ఎక్కడున్నాయో కనిపెట్టడం గురించి. ఐదుగురిలో నలుగురికి బటన్ కనబడకపోతే బటన్‌లో సమస్య ఉందని తెలుస్తుంది. "80 శాతం మందికి కనబడదు" అని మాత్రం చెప్పలేం. ఈ తేడా తెలిసి రాసిన కేస్ స్టడీ చదివితే రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఐదో మెట్టు: పంపేముందు వేరేవాళ్లకు చూపించండి

డిజైన్ తెలియని ఒక స్నేహితుడికి పేజీ ఇచ్చి, ఒక నిమిషం చూడమని, తర్వాత మూసేయమనండి. సమస్య ఏమిటి, మీరు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని అడగండి. మూడోదానికి జవాబు రాకపోతే మీ నిర్ణయం ఇంకా కిందే ఉండిపోయింది, పైకి తీసుకురండి. మొదటిదానికే రాకపోతే శీర్షిక, ఆ మూడు నాలుగు వాక్యాలు తిరగరాయండి.

ఆ తర్వాత డిజైన్ తెలిసినవాళ్లను ఎదురు ప్రశ్నలు వేయమనండి. ఈ ప్రాజెక్టుకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "వాట్సాప్‌లో పోల్ పెడితే సరిపోయేది కదా, ఇదంతా ఎందుకు?" దీనికి జవాబు మీ అంకెల్లోనే ఉంది. తినేవాళ్లు చెప్పాలనే పోల్ మీ మొదటి పద్ధతి లాంటిదే. తినని వాళ్లే ఓటేయాలని పెడితే లెక్క దాదాపు కుదరవచ్చు, కానీ ఎవరో రోజూ పోల్ పెట్టాలి, ఐదుంబావు తర్వాత పడిన ఓట్లను వేరు చేయాలి, ఊరెళ్లినవాళ్లు రోజూ గుర్తుపెట్టుకుని ఓటేయాలి. "నిజమే, చిన్న పీజీకి పోల్ చాలు. 60 మంది ఉన్నచోట ఈ మూడు పనులు ఎవరో చేయాలి, అందుకే ఇది" అని చెప్పగలిగితే బాగుంటుంది. ఇంటర్వ్యూలో ఈ సంభాషణ నడవడానికే కేస్ స్టడీ రాస్తారు. జవాబు దొరక్కపోతే, ఆ ప్రశ్నను కేస్ స్టడీలోనే ఒక పేరాగా రాసి ఆలోచించండి.

ఇక లింకుల సంగతి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, మీ పోర్ట్‌ఫోలియోలోని ప్రతి లింకూ నొక్కి చూడండి. ఫిగ్మా షేర్ సెట్టింగుల్లో `Anyone with the link` అని లేకపోతే చూసేవాళ్లకు లాగిన్ పేజీ వస్తుంది, అక్కడితో ఆగిపోతారు. మొత్తం ఫైలు కాకుండా ప్రోటోటైప్ లింకు ఇవ్వండి, అయితే ముఖ్యమైన స్క్రీన్లు పేజీలో బొమ్మలుగా కూడా ఉండాలి. ప్రోటోటైప్ నొక్కి చూసేంత తీరిక అందరికీ ఉండదు. బొమ్మలను 2x సైజులో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకసారి మీ ఫోన్‌లో తెరవండి. ఒకే వరుసలో ఆరు ఫోన్ స్క్రీన్లు పేర్చిన బొమ్మ ల్యాప్‌టాప్‌లో బాగుంటుంది, ఫోన్‌లో ఒక్క అక్షరం చదవడానికి రాదు. అలాంటివి రెండేసిగా విడగొట్టండి.

ప్రాజెక్టుల వరుస కూడా కంపెనీని బట్టి మార్చుకోవచ్చు. వ్యాపార సాఫ్ట్‌వేర్ చేసే చోటికి పంపేటప్పుడు పీజీ లెక్క ముందు ఉండాలి, ఎందుకంటే అందులో రెండు రకాల మనుషులు, గడువు, మినహాయింపులు ఉన్నాయి. మామూలు జనం వాడే యాప్ చేసే చోటికైతే మీ స్క్రీన్ల నాణ్యత బాగా కనబడే ప్రాజెక్టు ముందు పెట్టి, దీన్ని రెండో స్థానంలో ఉంచండి. అప్లై చేసే మెయిల్‌లో పోర్ట్‌ఫోలియో మొదటి పేజీ లింకుతో పాటు, వాళ్ల పనికి దగ్గరగా ఉన్న ఒక్క కేస్ స్టడీ లింకు విడిగా ఇచ్చి, దాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయండి.